చదివాను, అర్థమైంది అని సంతకం పెట్టే ముందు

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు సగం సంతకాలతోనే గడిచిపోతుంది. పీఎఫ్ కోసం ఫారం 11, గ్రాట్యుటీ నామినేషన్ కోసం ఫారం ఎఫ్, బ్యాంకు ఖాతా వివరాలు, గుర్తింపు కార్డుకు ఫొటోలు. ఆ కాగితాల కట్టలో అన్నిటికన్నా అడుగున ఒక పేజీ ఉంటుంది. చాలా చోట్ల అది ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. తెలుగులో ఇచ్చినచోట దాదాపు ఇలా ఉంటుంది:

"సంస్థ యొక్క ఉద్యోగుల హ్యాండ్‌బుక్కును, అందు అంతర్భాగమైన ప్రవర్తనా నియమావళిని, కాలానుగుణముగా వాటికి చేయబడు సవరణలతో సహా, నేను స్వీకరించి, క్షుణ్ణముగా చదివి, సంపూర్ణముగా అవగాహన చేసుకొని, వాటికి బేషరతుగా కట్టుబడి ఉండుటకు అంగీకరించుచున్నానని, ఉల్లంఘించిన పక్షమున ఎట్టి ముందస్తు నోటీసు లేకుండ ఉద్యోగము నుండి తొలగింపుతో సహా ఎటువంటి చర్యకైనను బాధ్యుడనని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."

సంతకం పెట్టే సమయానికి ఆ హ్యాండ్‌బుక్ చాలామంది చేతిలో ఉండదు. సాయంత్రానికి మెయిల్‌లో లింకు వస్తుందని చెబుతారు. వెనక ఇంకో పదిమంది నిలబడి ఉంటారు. కలం అందుకుంటాం, గీసేస్తాం.

ఆ కాగితం ఫైల్లోకి వెళ్ళి ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉంటుంది. ఎప్పుడో ఒక రోజు ఆ ఉద్యోగి మీద ఆరోపణ వస్తుంది. షోకాజ్ నోటీసు, చార్జిషీటు, డొమెస్టిక్ ఎంక్వైరీ. విషయం లేబర్ కోర్టు దాకా వెళ్తే యాజమాన్యం దాఖలు చేసే కాగితాలకు ఎం-1, ఎం-2 అని నంబర్లు పడతాయి. వాటిలో ఈ పేజీ తప్పకుండా ఉంటుంది. "నియమం ఉందని ఇతనికి తెలుసు, చదివానని సంతకం పెట్టాడు" అన్నది వాదన. ఉద్యోగి తరఫు న్యాయవాది అడిగే మొదటి ప్రశ్న కూడా దాని గురించే. పుస్తకం ఏ భాషలో ఉంది? ఎప్పుడు ఇచ్చారు? ఎవరు వివరించారు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే, చదివానన్న సంతకం సంతకం పెట్టాడన్న సంగతిని తప్ప మరి దేన్నీ రుజువు చేయదు.

మన దగ్గర ఈ ఫారం ఇంత బరువైన భాషలో ఎందుకు తయారైందో తెలియాలంటే అది పుట్టిన చోటికి వెళ్ళాలి.

న్యూజెర్సీ నుంచి వచ్చిన పేజీ

అమెరికాలో మోంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నిటిలో మూలసూత్రం ఒకటే. ప్రత్యేక ఒప్పందం ఏదీ లేకపోతే, చట్టం నిషేధించిన వివక్ష లాంటి కారణాలు మినహా, యజమాని ఉద్యోగిని ఎప్పుడైనా తీసేయవచ్చు. ఉద్యోగి కూడా ఎప్పుడైనా మానేయవచ్చు. రిచర్డ్ వూలీ అనే ఇంజినీరు 1969లో న్యూజెర్సీలోని హాఫ్‌మన్-లా రోష్ మందుల కంపెనీలో చేరాడు. చేరిన కొన్నాళ్ళకు కంపెనీ అతనికి సిబ్బంది మాన్యువల్ ఇచ్చింది. సరైన కారణం ఉంటేనే తొలగిస్తామనీ, తొలగించే ముందు ఫలానా పద్ధతి పాటిస్తామనీ అర్థం వచ్చేలా అందులో రాసి ఉంది. 1978లో అతన్ని తీసేశారు. "మీ పుస్తకంలో మీరే మాట ఇచ్చారు కదా" అని అతను కోర్టుకెక్కాడు. 1985లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అతని వాదనలో బలముందని చెప్పింది. పుస్తకంలో రాసిన మాట ఒప్పందంతో సమానం కావచ్చని తేల్చింది. అలా కాకూడదనుకుంటే "ఈ పుస్తకంలో ఉన్నది వాగ్దానం కాదు" అని కొట్టొచ్చినట్టు కనిపించే చోట స్పష్టంగా రాయండి, అంతకంటే అక్కర్లేదు అని కంపెనీలకు దారి కూడా చూపించింది.

కోర్టు అడిగింది సూటిగా ఉండే ఒక ప్రకటన. కంపెనీలు దానికి పొరలు పొరలుగా రక్షణ వాక్యాలు చేర్చుకుంటూ పోయాయి. హ్యాండ్‌బుక్ ఒప్పందం కాదు, ఎప్పుడైనా మారుస్తాం, ఎప్పుడైనా తీసేస్తాం, ఇదంతా చదివి అర్థం చేసుకున్నాను. ఈ మాటలన్నీ ఒకే పేజీలోకి చేరి, కింద సంతకానికి గీత వచ్చింది.

అలా అతిగా పేర్చడం బెడిసికొట్టిన కేసు కూడా న్యూజెర్సీలోనే ఉంది. రేమర్స్ అనే ఫర్నిచర్ దుకాణాల సంస్థ హ్యాండ్‌బుక్‌లో ఒక పక్క ఇది ఒప్పందం కాదని రాసింది. అదే పుస్తకంలో, వివాదం వస్తే కోర్టుకు వెళ్ళకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే నిబంధనా పెట్టింది. తొలగించిన ఒక ఉద్యోగి కోర్టుకు వెళ్తే, "హ్యాండ్‌బుక్ అందిందని అంగీకరించావు, కోర్టు హక్కు వదులుకున్నావు" అని వాదించింది. ఇది ఒప్పందం కాదని చెప్పిన పుస్తకంతోనే ఎదుటివాడి హక్కును కట్టేయడం కుదరదని 2016లో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్ళు ఏటా ఆన్‌లైన్‌లో టిక్కు పెట్టే పేజీల వెనక ఉన్న చరిత్ర ఇది.

ఆ పేజీనే ఇక్కడి కంపెనీలు ఎత్తి పెట్టుకోవడం అసలు చిక్కు. ఎందుకంటే మన చట్టం నడిచిన దారి వేరు.

గేటు దగ్గరి బోర్డు

పారిశ్రామిక ఉపాధి (స్టాండింగ్ ఆర్డర్లు) చట్టం 1946లో వచ్చింది. దాని కింద వచ్చిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లు ఏది దుష్ప్రవర్తనో వరసగా చెప్పాయి. దొంగతనం, లంచం, సెలవు లేకుండా పది రోజులకు మించి రాకపోవడం, ఇలా. ఆ చట్టంలోని తొమ్మిదో సెక్షన్ అన్నిటికంటే విలువైనది. ఖరారైన నియమాలను ఇంగ్లిష్‌లోనూ, ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలోనూ, వాళ్ళు ఎక్కువగా లోపలికి వచ్చే గేటు దగ్గర, పనిచేసే విభాగాల్లో ప్రత్యేక బోర్డుల మీద పెట్టాలని అది చెప్పింది. అంటే స్వాతంత్ర్యం రాకముందే మన చట్టం నియమం ఎక్కడ ఉండాలో, ఎవరి భాషలో ఉండాలో తేల్చేసింది. 2025 నవంబరులో ఈ చట్టం స్థానంలోకి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. 1946 చట్టం వందమంది కార్మికులున్న సంస్థలకు వర్తిస్తే, కోడ్ ఆ గీతను 300కు జరిపింది. ఆ సంఖ్యకు లోపు ఉన్న సంస్థల్లో ఇక కంపెనీ తనంతట తాను రాసుకునే హ్యాండ్‌బుక్కే ప్రధానం అవుతుంది. అందుకే దాని భాష ఇప్పుడు మరింత పట్టించుకోవాల్సిన విషయం.

దుష్ప్రవర్తనను ముందే స్పష్టంగా రాయాలన్న సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1983లో గ్లాక్సో లేబొరేటరీస్ కేసులో గట్టిగా చెప్పింది. కంపెనీ నియమంలో "సంస్థ ఆవరణలో లేదా దాని సమీపంలో" క్రమశిక్షణకు విరుద్ధంగా చేసే పని దుష్ప్రవర్తన అని ఉంది. సమ్మె రోజుల్లో ఫ్యాక్టరీకి దూరంగా జరిగిన గొడవలను కూడా అందులోకి లాగాలని కంపెనీ చూసింది. శిక్ష పడే పని ఏదో కార్మికుడికి ముందే తెలియాలి, జరిగిపోయాక నియమానికి కొత్త అర్థం చెప్పకూడదు అని కోర్టు అంది.

దానికి పదేళ్ళ తరువాత డి.కె. యాదవ్ కేసు. ఎనిమిది రోజులకు మించి చెప్పకుండా రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని అతని కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలో ఉంది. తనను గేటు దగ్గరే ఆపేశారని అతను, రావడం మానేశాడని కంపెనీ. వివరణ అడగకుండా, విచారణ లేకుండా ఉద్యోగం పోయినట్టు లెక్కకట్టడం సహజ న్యాయానికి విరుద్ధమని 1993లో సుప్రీంకోర్టు తీర్పిచ్చి, సగం పాత జీతంతో అతన్ని తిరిగి తీసుకోమంది.

ఈ రెండు తీర్పులూ పక్కన పెట్టుకుని మొదట చూపిన ఫారాన్ని మళ్ళీ చదవండి. "ఎట్టి ముందస్తు నోటీసు లేకుండ" అన్న మాట కార్మికుల విషయంలో ఇక్కడ నిజం కాదు. అది భయపెడుతుందేమో కానీ కంపెనీని కాపాడదు. పైగా కింది స్థాయి మేనేజరు దాన్ని నిజమని నమ్మి, విచారణ జరపకుండానే ఒకరిని పంపించేస్తే, కేసు ఓడిపోయేది కంపెనీయే. సులభ భాషలో రాయడం ఉద్యోగుల మీద దయ కోసం అనుకునేవాళ్ళకు నేను చెప్పే మాట ఇదే: ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు రాయడం యాజమాన్యానికీ అంతే అవసరం.

దీపావళి పెట్టె

నియమాన్ని తిరగరాయడమంటే కష్టమైన మాట తీసి తేలిక మాట పెట్టడం అనుకుంటారు. పని మొదలుపెడితే కానీ అసలు సంగతి బయటపడదు. బహుమతుల నియమం తీసుకుందాం. దాదాపు ప్రతి హ్యాండ్‌బుక్‌లోనూ అది ఇలా ఉంటుంది:

"ఏ ఉద్యోగియు, సంస్థతో వ్యాపార సంబంధము కలిగియున్న లేక కలిగియుండు అవకాశమున్న ఏ వ్యక్తి నుండియైనను, ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని, తన విధినిర్వహణను ప్రభావితము చేయునని సహేతుకముగా భావింపదగు ఎట్టి బహుమానమును, ఆతిథ్యమును లేక ప్రయోజనమును, నామమాత్రపు విలువ గలవి మినహా, స్వీకరింపరాదు."

దీన్ని ఒక మనిషికి అన్వయించి చూడాలి. పటాన్‌చెరు వైపు మందుల ప్యాకింగ్ యూనిట్ ఒకటి అనుకోండి. అందులో స్టోర్స్ అసిస్టెంటు ఒకతను. అట్టపెట్టెలు సరఫరా చేసే ఆయన దీపావళికి ఇంటికి ఒక పెట్టె పంపాడు. ఇంట్లో భార్య అందుకుంది. అందులో డ్రైఫ్రూట్స్, ఒక చిన్న వెండి నాణెం. ఆ సరఫరాదారు పోయినేడు ఇతనికి దూరపు చుట్టం కూడా అయ్యాడు.

ఈ అసిస్టెంటు నియమం తెరిచి చూస్తే ఏం తెలుస్తుంది? నామమాత్రపు విలువ అంటే వందా, రెండు వేలా? భార్య తీసుకుంటే పరోక్షంగా తీసుకున్నట్టేనా? డ్రైఫ్రూట్స్ ఉంచుకుని నాణెం తిప్పి పంపితే సరిపోతుందా? ఎవరికి చెప్పాలి? చెబితే ఇప్పటికే తీసుకున్నందుకు తన మీదే కేసు పెడతారా? వీటిలో ఒక్కదానికీ ఆ వాక్యంలో జవాబు లేదు. అతను చేసే పని ఊహించవచ్చు. ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటాడు.

ఇప్పుడు అదే నియమాన్ని తిరగరాద్దాం:

"సరఫరాదారులు, కాంట్రాక్టర్లు ఇచ్చే బహుమతులు. పండక్కి ఇచ్చే స్వీట్లు, డ్రైఫ్రూట్స్, డైరీ, క్యాలెండరు లాంటివి మొత్తం విలువ ₹500 లోపు ఉంటే తీసుకోవచ్చు. డబ్బు, గిఫ్ట్ కార్డులు, బంగారం, వెండి విలువ ఎంత తక్కువైనా తీసుకోకూడదు. మీ ఇంటికి పంపినా, మీ ఇంట్లోవాళ్ళ చేతికి ఇచ్చినా మీకు ఇచ్చినట్టే.

తీసుకోకూడనిది మీ ఇంటికి వచ్చేస్తే, మూడు పనిదినాల్లోగా స్టోర్స్ మేనేజరుకు అప్పగించి బహుమతుల రిజిస్టరులో రాయించండి. పెట్టె తెరిచినా ఫర్వాలేదు. గడువులోగా అప్పగిస్తే మీ మీద ఏ చర్యా ఉండదు.

సరఫరాదారు మీ బంధువైతే ఆ సంగతి హెచ్‌ఆర్‌కు రాసి ఇవ్వండి. పెళ్ళి, గృహప్రవేశం లాంటి శుభకార్యాల్లో బంధువుల మధ్య ఇచ్చిపుచ్చుకునేవి ఈ నియమం కిందికి రావు. కానీ ఆయన సరుకు దించుకోవడం, బిల్లు పాస్ చేయడం మీరు చేయకూడదు. వేరేవాళ్ళకు అప్పగిస్తాం.

ఇక్కడ రాయని సందర్భం ఏదైనా వచ్చి, ఇది తీసుకుంటే రేపు ఆయన సరుకు బాగాలేదని చెప్పడానికి మొహమాటం అడ్డొస్తుందని మీకే అనిపిస్తే, తీసుకునే ముందు అడగండి.

తీసుకోకూడనిది తీసుకుని దాచిపెడితే షోకాజ్ నోటీసు ఇస్తాం. మీ జవాబు వింటాం. విచారణలో రుజువైతే హెచ్చరిక నుంచి ఉద్యోగం తొలగింపు వరకు శిక్ష ఉండవచ్చు."

ఇది పాతదానికంటే పొడుగు. అయినా ఫర్వాలేదు. చదివేవాడికి పట్టే సమయం తగ్గిందా, చేయాల్సింది తెలిసిందా అన్నదే లెక్క. ఇందులో ఐదు వందలు, మూడు రోజులు అన్నవి నేను ఉదాహరణకు పెట్టుకున్న అంకెలు. ఏ కంపెనీ అంకె ఆ కంపెనీ పెట్టుకోవాలి.

పని మందగించేది కూడా సరిగ్గా అక్కడే. హెచ్‌ఆర్‌వాళ్ళు యాజమాన్యం దగ్గరికి వెళ్ళి "నామమాత్రం అంటే ఎంత రాయమంటారు?" అని అడగగానే గదిలో వాదన మొదలవుతుంది. కొనుగోళ్ళ విభాగం రెండు వేలంటుంది. ఆడిట్‌వాళ్ళు సున్నా అంటారు. డైరెక్టరుకు ఏటా వచ్చే బుట్టల మాటేమిటని ఎవరో అడుగుతారు. అప్పటిదాకా ఆ నిర్ణయం ఎవరూ తీసుకోలేదని అప్పుడు తెలుస్తుంది. బరువైన వాక్యం ఇన్నాళ్ళూ ఆ ఖాళీని కప్పిపెట్టింది. నా దృష్టిలో సులభ భాష వల్ల కలిగే మొదటి మేలు ఇదే. అది నిర్ణయాన్ని బయటికి లాగుతుంది. నిర్ణయం తీసుకోకుండా మాటలు మాత్రం తేలిక చేయాలని చూస్తే వాక్యం ఎన్నిసార్లు రాసినా కుదరదు.

న్యాయవాదులు ఒక అభ్యంతరం చెబుతారు, అందులో న్యాయం ఉంది. కచ్చితమైన అంకె పెడితే ₹490 పెట్టెలు నెలకొకటి వస్తాయి, అందుకే మేం వలలాంటి వాక్యం రాస్తాం అంటారు. పైన మొహమాటం గురించి రాసిన పేరా ఆ వల పనే చేస్తుంది. తేడా ఏమిటంటే, అది ఉద్యోగిని "అడగండి" అంటుంది. దానికి నేరుగా శిక్ష ముడిపెట్టకూడదు. శిక్ష స్పష్టంగా రాసిన వాటికే ఉండాలి. గ్లాక్సో తీర్పు చెప్పింది అదే కదా.

తేలికగా ఉన్నంత మాత్రాన స్పష్టం కాదు

రెండో తరహా పొరపాటు దీనికి ఎదురు దిక్కున ఉంటుంది. "అందరితో మర్యాదగా ఉండండి", "కంపెనీ పరువు తీసే పని చేయకండి" లాంటి వాక్యాలు చిన్నపిల్లలకు కూడా అర్థమవుతాయి. కానీ వాటి కింద ఎవరినైనా పట్టుకోవచ్చు. ఓవర్‌టైమ్ డబ్బు రాలేదని నలుగురు కలిసి మాట్లాడుకుంటే అది పరువు తీయడమా? అమెరికాలో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 2023లో స్టెరిసైకిల్ అనే కంపెనీ కేసులో ఇలాంటి నియమాలకు ఒక కొలబద్ద పెట్టింది. నియమాన్ని రాసినవారి ఉద్దేశం నుంచి కాకుండా, ఆ జీతం మీద బతుకుతున్న ఉద్యోగి స్థానం నుంచి చదవాలంది. తన హక్కు వాడుకోవడానికి ఆ ఉద్యోగి జంకే అవకాశం ఉంటే, ఆ నియమం ఎందుకంత విశాలంగా ఉండాలో యజమాని సమర్థించుకోవాలి. ఆ దేశపు చట్టం మనకు వర్తించదు. చదివే పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

చట్టం మాటను యథాతథంగా ఉంచాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం అలాంటిది. వేధింపు అంటే ఏమిటో అందులో ఇచ్చిన నిర్వచనాన్ని మన సొంత మాటల్లోకి కుదిస్తే ఏదో ఒకటి జారిపోతుంది. కాబట్టి నిర్వచనం అలాగే ఇచ్చి, పక్కన మామూలు మాటల్లో ఉదాహరణలు ఇవ్వాలి. తేలిక చేయాల్సింది దారి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఆ పేజీలోనే రాయాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పెంచవచ్చు. ఈ గడువు తెలియక హక్కు పోగొట్టుకునేవారు ఉంటారు కాబట్టి దాన్ని పెద్దక్షరాల్లో రాయాలి.

ఈ విభాగంలో నాకు కోపం తెప్పించే అలవాటు ఒకటుంది. "తప్పుడు ఫిర్యాదు చేస్తే కఠిన చర్య" అన్న వాక్యాన్ని మందపాటి అక్షరాల్లో వేసి అక్కడితో ఆపేస్తారు. అదే సెక్షన్‌లో రెండో సగం ఉంది. ఫిర్యాదును రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదు, ఆమె మీద చర్య ఉండదు. మొదటి సగం రాసి రెండోది వదిలేస్తే భాష ఎంత తేలికైనా ఆ పేజీ అబద్ధం చెబుతున్నట్టే.

రసీదును రసీదుగా

ఇక చివరి పేజీకి వద్దాం. ఒకే వాక్యంలో అందింది, చదివాను, అర్థమైంది, ఒప్పుకుంటున్నాను, వదులుకుంటున్నాను అని ఐదు పనులు కలపడం దాని అసలు జబ్బు. విడదీస్తే ఇలా ఉంటుంది:

"ఉద్యోగుల హ్యాండ్‌బుక్, నాలుగో కూర్పు, తెలుగు ప్రతి నాకు ___ తేదీన అందింది. అది నా దగ్గరే ఉంటుంది.

ప్రవర్తనా నియమావళిని (పేజీలు 12–21) ___ తేదీన ___ గారు నాకు తెలుగులో వివరించారు.

నేను అడిగిన ప్రశ్నలు, వాళ్ళు చెప్పిన జవాబులు: ______

అర్థం కానిది ఉంటే హెచ్‌ఆర్‌లో ___ గారిని అడగవచ్చు.

నియమాలు మారితే మారిన పేజీ ఇచ్చి, మళ్ళీ రసీదు తీసుకుంటారు.

ఈ సంతకంతో చట్టం నాకిచ్చిన ఏ హక్కునూ నేను వదులుకోవడం లేదు."

ఇందులో రెండు తేదీలు వేరువేరుగా ఉండటం కావాలని పెట్టిందే. పుస్తకం మొదటి రోజు ఇచ్చి, వారం తరువాత గంటసేపు కూర్చోబెట్టి వివరించి, అప్పుడు రెండో గీత మీద సంతకం తీసుకోవాలి. ప్రశ్నల కోసం వదిలిన ఖాళీ ఈ పేజీలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం. "రాత్రి షిఫ్టులో బస్సు ఆలస్యమైతే లేటు మార్కు పడుతుందా అని అడిగాను, పడదన్నారు" అని ఉద్యోగి తన చేత్తో రాసిన ఒక్క లైను, క్షుణ్ణముగా చదివితిని అన్న అచ్చువాక్యం కంటే ఎక్కువ చెబుతుంది. అది ఉద్యోగికీ రక్ష, కంపెనీకీ రక్ష.

ఫోను ట్రాకింగ్, ఫొటోల వాడకం లాంటి అనుమతులను ఈ పేజీలో కలపకూడదు. అవి వేరే కాగితం మీద, ఒక్కొక్కటిగా అడగాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అనుమతి అడిగే మాట స్పష్టంగా, సులభంగా ఉండాలనీ, ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేనిలోనైనా గానీ చూసుకునే వీలుండాలనీ అంటోంది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. ఉద్యోగ అవసరాల కోసం యజమానులకు ఆ చట్టం కొన్ని సడలింపులు ఇచ్చింది నిజమే, అయినా అడిగే అనుమతికి భాషా ప్రమాణం అదే. జీతంలో కోతల సంగతీ అంతే. చట్టం అనుమతించిన కారణాలకు తప్ప, సంతకం పెట్టించుకున్నంత మాత్రాన కోత చెల్లదు.

ఎవరైనా సంతకం పెట్టనంటే? గొడవ అక్కర్లేదు. "ప్రతి ఇచ్చాం, వివరించాం, సంతకానికి నిరాకరించారు" అని తేదీ వేసి ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు. రసీదు లేకపోయినా నియమం వర్తిస్తుంది. తెలుగు, ఇంగ్లిష్ రెండు ప్రతులుంటే, తేడా వచ్చినప్పుడు ఏది నిలుస్తుందో కూడా చెప్పాలి. తెలుగు ప్రతి చదివి సంతకం పెట్టినవారి విషయంలో తెలుగే నిలుస్తుందని రాయడం న్యాయం. అలా రాసే ధైర్యం లేదంటే అనువాదం మీద వాళ్ళకే నమ్మకం లేదన్నమాట.

రాసిన పేజీ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి "అర్థమైందా?" అని అడిగి లాభం లేదు. అందరూ "అర్థమైంది సార్" అంటారు. సెక్యూరిటీ గార్డుకు, స్టోర్స్ అసిస్టెంటుకు, అకౌంట్స్ అమ్మాయికి విడివిడిగా పేజీ ఇచ్చి, "నీకు వెండి నాణెం వచ్చింది, ఇప్పుడు ఏం చేస్తావు?" అని అడగాలి. ముగ్గురూ ఒకే పని చెబితే నియమం బాగుంది. మూడు రకాలుగా చెబితే తప్పు వాళ్ళది కాదు, వాక్యానిది. మళ్ళీ రాయాలి. చార్జిషీటులో పెట్టేటప్పుడు ఆ వాక్యం నిలబడుతుందో లేదో న్యాయవాదికి చూపించాల్సింది ఆ తరువాతే. క్రమం తిరగబడితే, మొదట న్యాయవాది రాసి తరువాత హెచ్‌ఆర్ తేలిక చేస్తే, బండెడు "ఇందుమూలముగా"లు మిగిలిపోతాయి.

కంపెనీలు ఇవన్నీ చేసేదాకా ఉద్యోగంలో చేరేవాళ్ళు తమ చేతిలో ఉన్నది చేయవచ్చు. పుస్తకం అందకుండా అందిందని సంతకం పెట్టకండి. వెంటనే పెట్టక తప్పకపోతే, మీ సంతకం పక్కన "ప్రతి ఈ రోజు అందింది, ఇంకా చదవలేదు" అని మీ చేత్తో రాసి తేదీ వేయండి. పేజీని ఫోనులో ఫొటో తీసుకోండి. ఇంటికి వెళ్ళాక మొత్తం చదవలేకపోయినా సెలవులు, గైర్హాజరు, ఫిర్యాదులు, తొలగింపు అనే నాలుగు భాగాలు చదివి, అర్థం కానిది హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో అడగండి. ఆ మెయిల్, దానికి వచ్చిన జవాబు రెండూ దాచుకోండి.